ఇంగ్లీషు మాట, తెలుగు విభక్తి: స్పీచ్ రికగ్నిషన్ తడబడే చోటు

“మేనేజర్ ఫోనెత్తట్లేదు, రిపోర్ట్ మెయిల్‌లో పెట్టి లీవ్ అప్లై చేసేయ్.”

హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా ఏ ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చున్నా ఇలాంటి మాట చెవిన పడుతుంది. మొత్తం ఎనిమిది మాటలు. మేనేజర్, రిపోర్ట్, లీవ్, అప్లై అన్న నాలుగూ ఇంగ్లీషువి. పెట్టి, చేసేయ్ తెలుగువి. మిగిలిన రెండూ ఎటూ చెందనివి: ‘ఫోనెత్తట్లేదు’, ‘మెయిల్‌లో’. వీటి మొదలు ఇంగ్లీషు, చివర తెలుగు. చెప్పినవాళ్లకూ విన్నవాళ్లకూ ఇందులో రెండు భాషలున్నాయన్న స్పృహే ఉండదు. మాటను విని అక్షరాలుగా రాసిపెట్టే కంప్యూటర్‌కు మాత్రం కష్టం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

గూగుల్ తన వాయిస్ టైపింగ్‌లో తెలుగును 2017 ఆగస్టులో చేర్చింది. అప్పటినుంచి చాలామంది తెలుగువాళ్లు టైపు చేయడం మానేసి ఫోనుకు చెప్పడం అలవాటు చేసుకున్నారు. వార్తలు చదివినట్టు నిదానంగా, శుభ్రంగా చదివిన తెలుగును నేటి వ్యవస్థలు బాగానే రాస్తాయి. శుభ్రమైన ఇంగ్లీషునూ రాస్తాయి. రెండూ ఒకే వాక్యంలో కలిస్తే ఫలితం ఒక్కసారిగా దిగజారుతుంది. ఇంగ్లీషు మాటలు తెలియక ఇలా జరుగుతోందని పైకి అనిపిస్తుంది. కానీ ‘మేనేజర్’, ‘రిపోర్ట్’ లాంటివి ఏ వ్యవస్థకైనా తెలిసినవే. అసలు చిక్కు రెండు చోట్ల ఉంది. ఒకటి, ఇంగ్లీషు మాటకు తెలుగు ప్రత్యయం అతుక్కునే చోటు. రెండోది, అలా అతుక్కున్న మాటను ఎలా రాస్తే ఒప్పు అన్నదానిపై మనకే ఒక ఒప్పందం లేకపోవడం. మొదటిదాని గురించి పరిశోధకులు చాలా పనిచేశారు. రెండోదానికి దక్కాల్సిన శ్రద్ధ దక్కలేదు.

భాషల కలయిక అన్ని చోట్లా ఒకేలా ఉండదు. ఒక వాక్యం తెలుగులో, తర్వాతి వాక్యం ఇంగ్లీషులో మాట్లాడేవాళ్లున్నారు. అది యంత్రానికి పెద్ద కష్టం కాదు, మధ్యలో కాస్త విరామం దొరుకుతుంది. వాక్యం లోపల మాటలు మారడం ఇంకొంచెం కష్టం. తెలుగులో మార్పు అక్కడితో ఆగదు, మాట లోపలికి కూడా వెళ్తుంది. కరోల్ మైయర్స్ స్కాటన్ అనే భాషా శాస్త్రవేత్త 1993లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, కలిపి మాట్లాడేటప్పుడు ఒక భాష వాక్యానికి చట్రాన్ని ఇస్తుంది, రెండోది అందులో కూర్చునే మాటలను ఇస్తుంది. మన వాడుకలో చట్రం తెలుగుదే. క్రియ చివరికే వస్తుంది, విభక్తులన్నీ తెలుగువే, ఇంగ్లీషు క్రియ కూడా ‘చేయి’, ‘అవు’ తోడు లేకుండా నిలబడదు. అందుకే ‘డౌన్‌లోడ్ అవ్వట్లేదు’, ‘మీటింగ్‌కెళ్లాలి’, ‘ఆఫీసులోంచి’, ‘బస్సెక్కాను’.

సంధి దీన్ని ఇంకా బిగిస్తుంది. ‘ఫోన్ ఎత్తట్లేదు’ అని విడదీసి ఎవరూ పలకరు. నకారం, ఎకారం కలిసి ‘నె’ అవుతాయి. ఇంగ్లీషు మాటలోని ఆఖరి హల్లూ తెలుగు మాటలోని మొదటి అచ్చూ ఒకే అక్షరంలో ఇమిడిపోతాయి. ఇంగ్లీషు ఎక్కడ ఆగింది, తెలుగు ఎక్కడ మొదలైంది అని అడిగితే చూపించడానికి గీత ఉండదు.

భాష గుర్తింపు గురించిన తొలి ఆలోచన ఈ కారణంగానే దెబ్బతింది. ముందు ఏ ముక్క ఏ భాషదో తేల్చి, తెలుగు ముక్కను తెలుగు వ్యవస్థకూ ఇంగ్లీషు ముక్కను ఇంగ్లీషు వ్యవస్థకూ పంపితే సరిపోతుంది కదా అని ఎవరికైనా తోస్తుంది. 2020లో జరిగిన ఒక అంతర్జాతీయ వర్క్‌షాప్‌లో తెలుగు–ఇంగ్లీషు, తమిళం–ఇంగ్లీషు, గుజరాతీ–ఇంగ్లీషు మాటలపై ఇలాంటి పోటీనే పెట్టారు. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన రికార్డింగులను 200 మిల్లీసెకన్ల ముక్కలుగా చూసి, ఒక్కో ముక్క ఏ భాషదో చెప్పాలి. మామూలు వేగంతో మాట్లాడేటప్పుడు 200 మిల్లీసెకన్లలో ఒక అక్షరమో, ఒకటిన్నర అక్షరమో పడుతుంది. ‘మెయిల్‌లో’ అన్న మాటలో ఇంగ్లీషు వాటా అలాంటి ఒకటి రెండు ముక్కలకు మించదు. ఇంత చిన్న ముక్కను పట్టుకుని భాషను తేల్చాలంటే ధ్వని ఒక్కటే ఆధారం. ఆ ధ్వనేమో తెలుగు నోటిది.

తెలుగు నోటిలో ఇంగ్లీషు పూర్తిగా మారిపోతుంది. ఇంగ్లీషువాళ్లు చిగుళ్ల దగ్గర పలికే శబ్దాలు మనకు మూర్ధన్యాలైన ట, డ అవుతాయి. హల్లుతో ముగిసే మాటకు చివర ఉకారం చేరుతుంది, చాలాసార్లు హల్లు ద్విత్వమవుతుంది: బస్సు, బిల్లు, రోడ్డు. పాత తరహా వ్యవస్థలు ఇంగ్లీషు మాటల ఉచ్చారణను ఎక్కువగా కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి నిఘంటువు నుంచి తీసుకునేవి. అందులో లక్షా ముప్పై వేలకు పైగా మాటలున్నాయి, అన్నీ అమెరికన్ ఉచ్చారణతో. ఆ ఉచ్చారణను పెట్టుకుని గుంటూరు గొంతును వినబోతే సరిపోలడం కష్టం. భారతీయ భాషల ధ్వనులన్నిటికీ ఉమ్మడి గుర్తులు పెట్టి ఇంగ్లీషు ధ్వనులనూ వాటిలోకి మార్చే పద్ధతి ఈ ఇబ్బందిని కొంత తగ్గించింది. ఆ పనిలో ఐఐటీ మద్రాసు పరిశోధకుల పాత్ర పెద్దది. ఇబ్బంది తగ్గిందే తప్ప తీరలేదు. ఒకే మనిషి ఇంట్లో ‘రిపోర్టు’ అని, ఆఫీసు కాల్‌లో ‘రిపోర్ట్’ అని, పై అధికారి ముందు మరోలా పలుకుతాడు.

ఇంగ్లీషు మాట ఇలా తెలుగు రూపం దాల్చాక అసలైన తెలుగు మాటలతో కలిసిపోయే ప్రమాదం వస్తుంది. ‘అతను నాకు మెయిల్ చేశాడు’, ‘అతను నాకు మేలు చేశాడు’ అన్న రెండింటినీ వేగంగా పలికి చూడండి. ‘మెయిల్’ను మనలో చాలామంది ‘మేల్’ అనే పలుకుతాం. రెండు వాక్యాలూ వ్యాకరణం ప్రకారం సరైనవే, అర్థవంతమైనవే. ‘బిల్లు కట్ చేశాడు’ అంటే తగ్గించాడు, ‘బిల్లు కట్టేశాడు’ అంటే చెల్లించాడు. ఫోన్ లైనులో ఆ చకారం కాస్త మసకబారితే యంత్రానికి మిగిలే ఆధారం సందర్భం ఒక్కటే.

సందర్భాన్ని చూసేది లాంగ్వేజ్ మోడల్. స్పీచ్ రికగ్నిషన్‌లో రెండు పనులు కలిసి నడుస్తాయి. ఒకటి ధ్వనిని చూసి ‘ఇది ఫలానా అక్షరం కావచ్చు’ అని అంచనా కడుతుంది. రెండోది, ‘ఈ మాట తర్వాత ఆ మాట రావడం మామూలేనా’ అని తూకం వేస్తుంది. పాత వ్యవస్థల్లో ఇవి వేరువేరు భాగాలు, కొత్తవాటిలో ఒకే నెట్‌వర్క్‌లో కలిసిపోయి ఉంటాయి. ఎలా ఉన్నా రెండో పనికి పునాది అది నేర్చుకున్న పాఠ్యమే. వార్తాపత్రికల తెలుగునూ వికీపీడియా తెలుగునూ చదివిన మోడల్‌కు ‘లేవు’ అనే మాట వేలసార్లు కనబడి ఉంటుంది, తెలుగు లిపిలో ‘లీవ్’ అరుదుగానే కనబడి ఉంటుంది. ధ్వని అటూ ఇటూగా ఉన్నప్పుడు మోడల్ ‘లేవు’ వైపే మొగ్గుతుంది. మొదట చెప్పుకున్న వాక్యం ‘రిపోర్ట్ మెయిల్‌లో పెట్టి లేవు అప్లై చేసేయ్’ అని తెరమీద కనబడడానికి కారణం ఇలాంటిదే. చెవి సగం తప్పితే, మిగతా సగం తప్పించింది చదువు.

అయితే జనం కలిపి రాసే తెలుగు లేకపోలేదు. వాట్సాప్‌లో, యూట్యూబ్ వ్యాఖ్యల్లో కుప్పలుతెప్పలుగా ఉంది. కానీ అందులో చాలా భాగం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది, అదీ ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్లు రాసినది. దాన్ని తెలుగు లిపిలోకి మార్చకుండా లాంగ్వేజ్ మోడల్‌కు పాఠంగా పెట్టలేం. ఆ మార్పిడికి పనికొచ్చే వనరులు గత కొన్నేళ్లలో వచ్చాయి. గూగుల్ 2020లో విడుదల చేసిన దక్షిణ, ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం తయారుచేసిన అక్షరాంతర్, రెండింటిలోనూ తెలుగు ఉంది. ఈ దారిలో జరగాల్సిన పని ఇంకా చాలా ఉంది.

మాటల రికార్డింగుల విషయంలోనూ కొరత ఇలాంటిదే. మైక్రోసాఫ్ట్ 2018 ఇంటర్‌స్పీచ్ సదస్సు కోసం తెలుగు, తమిళం, గుజరాతీలకు ఒక్కోదానికి 50 గంటల మాటను విడుదల చేసింది. తెలుగు పరిశోధనకు అది నిజంగా ఊపిరి పోసింది. మూడేళ్ల తర్వాత, 2021 ఇంటర్‌స్పీచ్‌లో భారతీయ భాషలపై ఇంకో పెద్ద పోటీ జరిగింది. అందులో రెండు విభాగాలు. బహుభాషల విభాగంలో ఆరు భాషల మధ్య తెలుగు కూడా ఉంది. భాషలు కలిపి మాట్లాడే మాటను గుర్తించే రెండో విభాగంలో హిందీ–ఇంగ్లీషు, బెంగాలీ–ఇంగ్లీషు జంటలు మాత్రమే ఉన్నాయి. తెలుగు–ఇంగ్లీషు లేదు. ఆ రెండో విభాగానికి వాడింది ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాల ధ్వని. నిర్వాహకులు నమూనాగా ఇచ్చిన వ్యవస్థ అందులో దాదాపు 32 శాతం మాటలు తప్పింది. అది కూడా కంప్యూటర్ పాఠం చెప్పే నిదానమైన గొంతులో. ఫోనులో గబగబా మాట్లాడే మాట సంగతి చెప్పక్కర్లేదు.

ఈ పోటీలోనే ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది. ఒకే ఇంగ్లీషు మాటను రాతప్రతుల్లో కొన్నిచోట్ల రోమన్ లిపిలో, కొన్నిచోట్ల స్వదేశీ లిపిలో రాశారు. యంత్రం ఏది రాసినా కొన్నిసార్లు తప్పే అవుతుంది. అందుకే నిర్వాహకులు మామూలు లెక్కతో పాటు, లిపి తేడాను తప్పుగా చూడని మరో లెక్కను కూడా ఇచ్చారు. గూగుల్ పరిశోధకులు 2018లోనే ఇలాంటి పద్ధతిని ప్రతిపాదించారు: రెండింటినీ ఒకే లిపిలోకి మార్చి, అప్పుడు పోల్చాలి.

తెలుగుకు ఈ సవరణ సరిపోతుందా? మొదటి వాక్యాన్నే దగ్గరగా చూద్దాం. స్పీచ్ రికగ్నిషన్‌ను కొలిచే మామూలు కొలమానం వర్డ్ ఎర్రర్ రేట్. మారిన మాటలు, ఎగిరిపోయిన మాటలు, అదనంగా చేరిన మాటలు లెక్కపెట్టి, ఆ మొత్తాన్ని అసలు వాక్యంలోని మాటల సంఖ్యతో భాగిస్తారు. మన వాక్యంలో ఎనిమిది మాటలు. ఒక వ్యవస్థ ఇలా రాసిందనుకుందాం:

“మేనేజరు ఫోన్ ఎత్తట్లేదు రిపోర్టు మెయిల్లో పెట్టి లీవు అప్లై చేసెయ్”

చదివిన ఏ తెలుగువాడికైనా ఇందులో తప్పేమీ కనబడదు. ఇప్పుడు లెక్క చూడండి. ‘మేనేజర్’ బదులు ‘మేనేజరు’, ఒక తప్పు. ‘ఫోనెత్తట్లేదు’ రెండు మాటలుగా విడిపోయింది కాబట్టి ఒకటి మారినట్టు, ఒకటి అదనంగా చేరినట్టు, మొత్తం రెండు తప్పులు. రిపోర్టు, మెయిల్లో, లీవు, చేసెయ్, ఒక్కోదానికి ఒకటి. మొత్తం ఏడు. ఎనిమిదింట ఏడు అంటే 87.5 శాతం తప్పు.

ఇంకో వ్యవస్థ మిగతా అంతా అక్షరం పొల్లుపోకుండా రాసి, ‘లీవ్’ దగ్గర ‘లేవు’ అని రాసిందనుకుందాం. ఒక్క తప్పు. 12.5 శాతం. సెలవు సంగతే మాయమైన ఈ రెండో వాక్యానికి కొలమానం ఎన్నో రెట్లు మంచి మార్కులు వేసింది.

మొదటి వ్యవస్థ చేసిన ‘తప్పుల్లో’ లిపికి సంబంధించినది ఒక్కటీ లేదు. అన్నీ తెలుగు అక్షరాలే. కాబట్టి లిపి తేడాను మన్నించే లెక్క ఇక్కడ ఏమీ సాయపడదు. తేడా అంతా చివరి ఉకారంలో, విభక్తి అతుకులో, మాటల మధ్య ఖాళీలో ఉంది. హిందీలో ‘మే’, ‘కో’, ‘సే’ లాంటివి నామవాచకం తర్వాత విడిగా నిలబడతాయి కాబట్టి ఇంగ్లీషు మాట చెక్కుచెదరకుండా ఉంటుంది. తెలుగులో ‘లో’, ‘కి’, ‘ని’, ‘తో’ అతుక్కుని కూర్చుంటాయి. హిందీ–ఇంగ్లీషు కోసం చేసిన మందును తెలుగుకు అలాగే వాడితే పనిచేయకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

కొందరు వ్యవస్థ చేత ఇంగ్లీషు మాటలను రోమన్‌లోనే రాయిస్తారు. చదవడానికి బాగుంటుందని, తర్వాత వెతకడానికి సులువని వాళ్ల వాదన. అప్పుడు తెర మీద ఇలా వస్తుంది: `manager phone ఎత్తట్లేదు, report mail లో పెట్టి leave apply చేసేయ్`. ‘లో’ విడిగా తెగి పడింది, సంధి విడిపోయింది. ఇంతకీ ‘బస్సు’ను, ‘రోడ్డు’ను ఏ లిపిలో రాయాలి? అవి తెలుగు మాటలైపోయి తరాలు గడిచాయి. ‘ఆఫీసు’ ఏ వైపు? గీత ఎక్కడ గీసినా ఎవరో ఒకరు ఒప్పుకోరు. అందుకే అంతా తెలుగు లిపిలో రాయించడమే ఎక్కువ నిలకడగా ఉంటుంది. కనీసం గీత ఎక్కడ గీయాలన్న గొడవ ఉండదు. ఉకారాంతమా, పొల్లా అన్న గొడవ మాత్రం మిగిలే ఉంటుంది.

ఇక విస్పర్ సంగతి. ఓపెన్‌ఏఐ 2022 సెప్టెంబరులో దీన్ని ఉచితంగా విడుదల చేసింది. చిన్నా పెద్దా వ్యవస్థలెన్నో ఇప్పుడు దీని మీదే నిర్మాణమవుతున్నాయి కాబట్టి దీని తీరును కాస్త వివరంగా చూడాలి. 6,80,000 గంటల ధ్వనితో దీనికి శిక్షణ ఇచ్చారు. వినడానికి సముద్రమంత. అందులో తెలుగు మాటను తెలుగులోనే రాసిన ధ్వని ఐదు గంటలు కూడా లేదు. తెలుగు మాటకు ఇంగ్లీషు అనువాదం జతచేసిన ధ్వని మాత్రం దాదాపు వెయ్యి గంటలుంది. అంటే ఆ మోడల్‌కు తెలుగు వినగానే ఇంగ్లీషులో అర్థం రాయడం అలవాటు, విన్నది విన్నట్టు తెలుగులో రాయడం కొత్త. మధ్యలో నాలుగు ఇంగ్లీషు మాటలు వినబడితే పాత అలవాటు వైపు జారిపోవడం సహజం. వాడినవాళ్లు తరచూ చూసే లోపం ఇదే: తెలుగు వాక్యం మాయమై, దాని సారాంశం లాంటి ఇంగ్లీషు వాక్యం వస్తుంది. అది చక్కగా చదివిస్తుంది కాబట్టి తప్పు జరిగిందని వెంటనే తెలియదు. చెప్పిన మనిషి మాటలు మాత్రం అందులో ఉండవు.

రెండో చిక్కు దాని నిర్మాణంలోనే ఉంది. విస్పర్ ధ్వనిని 30 సెకన్ల ముక్కలుగా తీసుకుంటుంది. ప్రతి ముక్కకు ముందు `<|te|>` అనో `<|en|>` అనో ఒకే ఒక్క భాష గుర్తు పెడుతుంది. భాష ఏదో మనం చెప్పకపోతే, ఓపెన్‌ఏఐ ఇచ్చిన మూల ప్రోగ్రాము మొదటి 30 సెకన్లు విని, ఆ నిర్ణయాన్నే ఫైలు మొత్తానికి వర్తింపజేస్తుంది. మన కాల్ సెంటర్ సంభాషణలు ఎలా మొదలవుతాయో అందరికీ తెలిసిందే: హలో, గుడ్ మార్నింగ్, థ్యాంక్యూ ఫర్ కాలింగ్. ఆ పలకరింపు ఇంగ్లీషులో ఉండడం వల్ల తర్వాతి పది నిమిషాల తెలుగు గోడంతా ఇంగ్లీషు ఖాతాలో పడుతుంది. `--language te` అని ముందే చెబితే ఈ ఒక్క గండం తప్పుతుంది.

మూడోది అక్షరాల ఖరీదు. విస్పర్ పాఠ్యాన్ని బైట్ల గుంపులుగా రాస్తుంది. రోమన్ లిపిలో `meeting` ఏడు బైట్లు. తెలుగులో ‘మీటింగ్’ రాయడానికి మూల అక్షరాలు, గుణింతాలు, సున్న, పొల్లు కలిపి ఏడు గుర్తులు కావాలి, ఒక్కో గుర్తుకు మూడు బైట్లు, మొత్తం 21. ఇంగ్లీషు మాటలు తరచూ కనబడినవి కాబట్టి ఒకే ముక్కగా నిల్వ ఉంటాయి, తెలుగు గుర్తులు చాలాసార్లు ఒక్కొక్కటే రెండు మూడు ముక్కలవుతాయి. ఒక్కో 30 సెకన్లకు విస్పర్‌లో పట్టే ముక్కలు, ముందు పెట్టే గుర్తులతో కలిపి, గరిష్ఠంగా 448. వేగంగా మాట్లాడే తెలుగు మనిషి అరనిమిషంలో యాభై మాటలు సునాయాసంగా అంటాడు, మాటకు ఏడు గుర్తుల చొప్పున 350. ఒక్కో గుర్తుకు రెండు ముక్కలే అనుకున్నా 700. పరిమితి దాటింది. వాక్యాల చివరలు తెగిపోవడం వెనక ఇంత మామూలు కూడిక ఉంది. కలిపి మాట్లాడే మాటలోనూ ఇది తప్పదు, ఎందుకంటే రోమన్‌లో ఒకే ముక్కగా ఉండే ఇంగ్లీషు పదాన్ని కూడా తెలుగు లిపిలో ఈ ఖరీదైన గుర్తుల్లోనే కూర్చాలి.

భాష గుర్తు ఒక్కటే ఉండాలన్న నియమాన్ని దాటే ఉపాయం ఒకటి 2023లో వచ్చింది. మాండరిన్–ఇంగ్లీషు కలిపి మాట్లాడే రికార్డింగులపై పరిశోధకులు రెండు భాషల గుర్తులనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఎలాంటి కొత్త శిక్షణ లేకుండానే ఫలితం మెరుగైంది. ఆ రెండు భాషల్లో మోడల్‌కు ముందే మంచి పట్టు ఉండడం దానికి కలిసొచ్చింది. ఐదు గంటలు కూడా వినని తెలుగుకు అదే ఉపాయం అంతే ఫలం ఇస్తుందని ఆశించలేం. తెలుగుకు కావాల్సింది మొదట తెలుగు శిక్షణే.

ఆ శిక్షణకు కావలసిన ధ్వని ఇప్పుడు పెరుగుతోంది. ఏఐ4భారత్ 2024లో విడుదల చేసిన ఇండిక్‌వాయిసెస్‌లో 22 భాషలకు కలిపి తొలి విడతగా 7,348 గంటల మాట ఉంది. దాని గొప్పతనం గంటల సంఖ్యలో కన్నా మాట తీరులో ఉంది. చూసి చదివినది అందులో పదో వంతుకు లోపే, మిగతాదంతా మనుషులు అప్పటికప్పుడు మాట్లాడినది. అంతకుముందు అందుబాటులో ఉన్న ఆకాశవాణి వార్తల ధ్వనిలో కానీ, ఇంగ్లీషు నుంచి అనువదించి చదివించిన వాక్యాలున్న ఫ్లర్స్‌లో కానీ ‘ఫోనెత్తట్లేదు’ లాంటి మాట దొరకడం కష్టం. స్వేచ్ఛగా మాట్లాడించినప్పుడు ఇంగ్లీషు దానంతట అదే వస్తుంది, దాన్ని ఎవరూ ప్రత్యేకంగా కలపక్కర్లేదు.

ధ్వని చాలనిచోట కృత్రిమంగా కలిపిన వాక్యాలు తయారుచేసే పద్ధతులూ ఉన్నాయి. తెలుగు వాక్యం, దాని ఇంగ్లీషు అనువాదం తీసుకుని వ్యాకరణ నియమాల ప్రకారం మాటలు మార్చుతారు. రెండు భాషల్లో మాటల వరస ఒకేలా ఉన్నచోటే మార్పు జరుగుతుందన్న నియమం మీద నడిచే పద్ధతులు తెలుగుకు అంతగా అమరవు. మన క్రియ చివర, వాళ్ల క్రియ మధ్య. వరస కలిసే చోట్లు కొన్నే దొరుకుతాయి. ప్రత్యయాన్ని అతికించి సంధి కూడా చేసే పద్ధతి అయితేనే ‘రిపోర్టోసారి’, ‘ఫైలెక్కడ’ లాంటి నిజమైన వాడుక పుడుతుంది.

అంకెల దగ్గర కలయిక మరీ చిక్కు. తెలుగువాళ్లు వేలు, లక్షలు తెలుగులో అంటూనే మధ్యలో ఇంగ్లీషులోకి మారతారు. ‘రెండు లక్షల ఫిఫ్టీ థౌజండ్’ అన్నది మామూలే. ఫోన్ నంబరులో ‘డబుల్ నైన్’, ఆ వెంటనే ‘ఏడు’. విన్నదాన్ని 2,50,000 అని అంకెల్లో పెట్టే చివరి అంచె సాధారణంగా ఒక భాష కోసమే రాసి ఉంటుంది. తెలుగు నియమాలు ‘రెండు లక్షలు’ను 2,00,000 చేసి, ‘ఫిఫ్టీ థౌజండ్’ను మాటల్లోనే వదిలేస్తే తప్పు ధ్వని దగ్గర జరగలేదు, అయినా బ్యాంకు ఉద్యోగికి చేరిన మొత్తం తప్పే. ఓటీపీ, ఎఫ్‌ఐఆర్, ఈసీజీ లాంటి పొడి అక్షరాలకు విభక్తి చేరినప్పుడూ ఇంతే. ‘ఈసీజీలో’ను ‘ఈ సీజీలో’ అని విడదీస్తే ‘ఈ’ అన్న తెలుగు సర్వనామం పుట్టుకొస్తుంది.

అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లల మాటలో చట్రం తలకిందులవుతుంది. వాక్యం ఇంగ్లీషుది, దాని చివర ‘కదా’, ‘అంట’, ‘లే’ తెలుగువి. అక్కడ ధ్వని కూడా అమెరికన్. ఇంగ్లీషు వ్యవస్థ వాక్యమంతా సరిగా రాసి, ఆ చివరి మాటను వదిలేస్తుంది, లేదా దగ్గరగా వినబడే ఇంగ్లీషు మాటగా మార్చేస్తుంది. చిన్న మాటే కానీ ‘వస్తాడంట’లోని ‘అంట’ పోతే విన్న కబురు స్వయంగా చూసిన సంగతిగా మారిపోతుంది.

కొలిచే దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. దాని గురించి ఇంజనీర్లకు కూడా చాలామందికి తెలియదు. పోల్చే ముందు పాఠ్యాన్ని శుభ్రం చేయడం మామూలే, కామాలు, చుక్కలు తీసేస్తారు. విస్పర్‌తో పాటు వచ్చే సాధారణ శుభ్రపరిచే ప్రోగ్రాము, ఇంగ్లీషు కాని భాషలకు యూనికోడ్‌లో ‘మార్క్’ అన్న వర్గంలోని గుర్తులనూ తీసేసి ఆ చోట ఖాళీ పెడుతుంది. ఐరోపా భాషల్లో అవి అక్షరాల నెత్తిన ఉండే చిన్న గుర్తులు. తెలుగులో ఆ వర్గంలో ఉన్నవి గుణింతాలు, పొల్లు. ‘లీవ్’ నుంచి దీర్ఘపు గుడి, పొల్లు తీసేస్తే ‘ల వ’ మిగులుతుంది. ‘లేవు’ నుంచి ఏత్వం, కొమ్ము తీసేసినా ‘ల వ’నే మిగులుతుంది. ఇందాక సెలవును మాయం చేసిన తప్పు ఈ లెక్కలో తప్పే కాదు. సున్నా శాతం. భారతీయ భాషలకు ఈ ప్రోగ్రాము వాడితే వ్యవస్థ ఉన్నదానికన్నా మెరుగ్గా కనబడుతుందని పరిశోధకులు 2024లో ఉదాహరణలతో చూపించారు. ఏదైనా తెలుగు మోడల్‌కు ఆశ్చర్యపరిచేంత తక్కువ తప్పుల శాతం ప్రకటిస్తే, ముందు అడగాల్సింది శుభ్రపరిచే పద్ధతి ఏదని.

దీన్ని బట్టి ఆచరణలో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆసుపత్రి కోసమో, సహకార బ్యాంకు కోసమో వ్యవస్థ ఎంచుకునేవాళ్లు అమ్మకందారు చూపించిన శాతాన్ని పక్కన పెట్టి, తమ సొంత ఫోన్ కాల్స్ నుంచి ఓ గంట మాటను, మాట్లాడినవాళ్ల అనుమతితో, జాగ్రత్తగా రాయించాలి. ప్రతి మాటకు ఒప్పుకోదగ్గ రూపాలన్నీ ముందే జాబితా వేయాలి: రిపోర్ట్, రిపోర్టు, మెయిల్‌లో, మెయిల్లో. ఆ జాబితాలో ఏది వచ్చినా ఒప్పుగా లెక్కపెట్టాలి. ఆ తర్వాత మూడు శాతాలు విడివిడిగా చూడాలి. అచ్చ తెలుగు మాటల్లో ఎన్ని తప్పులు, అచ్చ ఇంగ్లీషు మాటల్లో ఎన్ని, ప్రత్యయం అతుక్కున్న ఇంగ్లీషు మాటల్లో ఎన్ని. మూడోదే ఎప్పుడూ ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. మూడూ కలిపి ఒకే శాతంగా చెబితే అది కనబడదు. పదే పదే వచ్చే మాటలను, మందుల పేర్లో, ఖాతాల పేర్లో, వ్యవస్థకు ముందుగా అందించే వీలు చాలావాటిలో ఉంది. విస్పర్‌లో `--initial_prompt` చేసేది అలాంటి పనే. మనకు కావలసిన స్పెల్లింగుతో నాలుగు వాక్యాలు అందులో ఇస్తే రాత తీరు కొంత దారికి వస్తుంది. ‘మెయిల్’, ‘మేలు’ తేడాను మాత్రం అది తీర్చలేదు.

తీర్చాల్సిన పని ఒకటి ఇంజనీర్ల చేతిలో లేదు. కలిపి మాట్లాడే తెలుగును ఎలా రాయాలో చెప్పే చిన్న నియమావళి ఒకటి కావాలి. హల్లుతో ముగిసే ఇంగ్లీషు మాటకు ఉకారం ఎప్పుడు, విభక్తి ముందు పొల్లు ఉంచాలా ద్విత్వం చేయాలా, సంధి జరిగిన మాటను కలిపే రాయాలా, పొడి అక్షరాలకు ఖాళీ ఉండాలా వద్దా అన్నవి తేలాలి. పత్రికల డెస్కుల్లో ఇలాంటి నియమాలు దశాబ్దాలుగా ఉన్నాయి, కానీ పత్రికకో తీరు. తెలుగు విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ లాంటి సంస్థలు, పత్రికల సంపాదకులు కలిసి కూర్చుని అందరికీ ఉచితంగా దొరికే ఒక జాబితాను, దాంతోపాటు పది గంటల తెలుగు–ఇంగ్లీషు పరీక్షా ధ్వనిని విడుదల చేస్తే, ఆ తర్వాత వచ్చే ప్రతి మోడల్‌నూ ఒకే గీటురాయి మీద పరీక్షించవచ్చు.